ఫైనలియర్‌లో ఎన్ని మార్కులొస్తే పీజీ కటాఫ్ దాటుతారు? ఇప్పటిదాకా వచ్చిన సగటుతో లెక్క వేసుకోండిలా

ఐసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినా సీటు చేజారే పరిస్థితి ఒకటుంది. డిగ్రీలో ఉండాల్సిన కనీస శాతం లేకపోవడం. తెలంగాణ ఐసెట్ అయినా, ఆంధ్రప్రదేశ్ ఐసెట్ అయినా ఎంబీఏ, ఎంసీఏల్లో చేరాలంటే డిగ్రీలో ఓసీ అభ్యర్థులకు 50 శాతం, రిజర్వుడు కేటగిరీల వారికి 45 శాతం మార్కులు ఉండాలి. ఫైనలియర్ చదువుతుండగానే పరీక్ష రాయనిస్తారు కాబట్టి చాలామంది ఈ నిబంధనను పట్టించుకోరు. తీరా సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు వెళ్లాక మెమో చూసి 'శాతం తగ్గింది' అంటే అప్పుడు చేసేదేమీ ఉండదు.

ఇక్కడ మరో గందరగోళం కూడా ఉంది. ఐసెట్ పరీక్షలో అర్హత మార్కు 25 శాతం, అంటే 200కు 50. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. ఇది ఎంట్రెన్స్ సంగతి. డిగ్రీలో 50, 45 శాతం అనేది పూర్తిగా వేరే నిబంధన. ఒకటి దాటితే రెండోది దాటినట్టు కాదు.

మొదటి రెండేళ్లలో మార్కులు తక్కువ వచ్చినవాళ్లు ఫైనలియర్ మొదట్లోనే ఒక లెక్క వేసుకుంటే, ఇంకా ఎంత రావాలో ముందే తెలిసిపోతుంది. ఇది కష్టమైన గణితమేమీ కాదు, కూడిక, తీసివేత, భాగాహారం అంతే. కానీ ఎక్కువమంది దీన్ని తప్పుగా వేస్తారు. ఆ తప్పు ఎక్కడ జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

అందరూ చేసే తప్పు: శాతాలను సగటు చేయడం

బి.కాం ఫైనలియర్‌లోకి వచ్చిన ఒక విద్యార్థినిని తీసుకోండి. ఫస్టియర్‌లో 41 శాతం, సెకండియర్‌లో 46 శాతం వచ్చాయి. మొత్తం మీద 50 శాతం కావాలి. మామూలుగా వేసే లెక్క ఇలా ఉంటుంది: మూడేళ్లకు 50 చొప్పున 150 కావాలి, 41, 46 కలిపితే 87, మిగిలింది 63. కాబట్టి ఫైనలియర్‌లో 63 శాతం తెచ్చుకుంటే చాలు అనుకుంటారు.

మూడేళ్లకూ గరిష్ఠ మార్కులు సమానంగా ఉంటేనే ఈ లెక్క సరైనది. చాలా చోట్ల అలా ఉండదు. మొదటి సంవత్సరంలో ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్, ఇతర తప్పనిసరి పేపర్లు ఉండటం వల్ల మొత్తం మార్కులు ఎక్కువగా ఉంటాయి. చివరి ఏడాదికి పేపర్లు తగ్గుతాయి. ఈ విద్యార్థిని విషయంలో ఫస్టియర్ 1200 మార్కులకు, సెకండియర్ 1000కి, ఫైనలియర్ 800కి అనుకుందాం. మొత్తం 3000.

ఇప్పుడు శాతాలు పక్కన పెట్టి మార్కులతో లెక్క వేయాలి. ఫస్టియర్‌లో 1200కు 41 శాతం అంటే 492 మార్కులు. సెకండియర్‌లో 1000కి 46 శాతం అంటే 460. రెండూ కలిపితే 952. మొత్తం 3000లో 50 శాతం అంటే 1500. అందులోంచి 952 తీసేస్తే 548. ఈ 548 మార్కులూ ఫైనలియర్‌లోని 800లోంచే రావాలి. అంటే 68.5 శాతం.

63 శాతం అనుకున్నది కాస్తా 68.5 అయింది. 800 మార్కులకు 63 శాతం అంటే 504. అసలు కావాల్సింది 548. 44 మార్కులు తేడా. 63 శాతం తెచ్చుకుని సంతోషపడిన విద్యార్థిని చివరికి 3000కు 1456 మార్కులతో 48.53 శాతం దగ్గర ఆగిపోతుంది.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. తక్కువ శాతం వచ్చిన ఫస్టియర్‌కు 1200 మార్కుల బరువుంది. దాన్ని పైకి లాగాల్సిన ఫైనలియర్‌కు 800 బరువే ఉంది. బరువు తక్కువున్న చోట ఎక్కువ శాతం తెస్తే గానీ సగటు కదలదు.

సరైన లెక్క నాలుగు మెట్లలో

మొదటిది, మెమోలన్నీ ముందు పెట్టుకుని ఇప్పటిదాకా వచ్చిన మార్కులన్నీ కూడాలి. రెండోది, మొత్తం కోర్సుకు గరిష్ఠ మార్కులు ఎన్నో రాసుకోవాలి. ఇంకా రాయని సెమిస్టర్ల మార్కులు సిలబస్ కాపీలో స్కీమ్ ఆఫ్ ఎగ్జామినేషన్ అనే పట్టికలో ఉంటాయి. మూడోది, ఆ మొత్తంలో కటాఫ్ శాతం ఎన్ని మార్కులవుతుందో చూసి, దానిలోంచి వచ్చిన మార్కులు తీసేయాలి. నాలుగోది, మిగిలిన దాన్ని ఇంకా రాయాల్సిన గరిష్ఠ మార్కులతో భాగించి 100తో గుణించాలి.

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఏదైనా ఒక గడిలో ఇలా టైప్ చేస్తే శాతం వస్తుంది:

```
=(50*3000/100-952)/800*100
```

ఇందులో 50 కటాఫ్, 3000 మొత్తం గరిష్ఠ మార్కులు, 952 ఇప్పటిదాకా వచ్చినవి, 800 ఇంకా రాయాల్సినవి. ఈ నాలుగు అంకెల స్థానంలో మీవి పెట్టుకుంటే సరి. జవాబు 100 దాటితే ఆ కటాఫ్ ఇక అందదని అర్థం. సున్నా కంటే తక్కువ వస్తే కటాఫ్‌కు సరిపడా మార్కులు ఇప్పటికే వచ్చేశాయని, మిగతా పేపర్లు పాసైతే చాలని అర్థం.

50 కాదు, 45 అయితే?

ఇదే విద్యార్థిని రిజర్వుడు కేటగిరీలోకి వస్తే కథ మారిపోతుంది. 3000లో 45 శాతం అంటే 1350. అందులోంచి 952 పోతే 398. దాన్ని 800తో భాగిస్తే 49.75 శాతం. ఫైనలియర్‌లో 68.5 శాతం తెచ్చుకోవడానికీ, 49.75 తెచ్చుకోవడానికీ చాలా తేడా ఉంది. ఇప్పటిదాకా 43 శాతం సగటుతో వచ్చిన వాళ్లకు మొదటిది చాలా కష్టం, రెండోది అందుకోగలిగేదే.

ముస్లిం విద్యార్థులు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 2007 చట్టం ప్రకారం వచ్చిన 4 శాతం బీసీ-ఇ కోటా ముస్లింలందరికీ వర్తించదు. షేక్ వంటి, జాబితాలో ఉన్న వర్గాలకే అది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి కొన్ని వర్గాలను చట్టంలోనే మినహాయించారు. కాబట్టి 'మనం మైనారిటీ కదా, 45 చాలు' అనుకోవడం తప్పు. మైనారిటీ కావడం వేరు, బీసీ-ఇ సర్టిఫికెట్ ఉండటం వేరు. చేతిలో సర్టిఫికెట్ లేనివాళ్లు లెక్కను 50తోనే వేసుకోవాలి. అర్హత ఉండి ఇంకా తీసుకోనివాళ్లు ఫైనల్ పరీక్షల దాకా ఆగకుండా మీసేవలో దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

ఇంకో విషయం. ఒక ఎంట్రెన్స్‌లో ఉన్న సడలింపు ఇంకో దానిలో ఉండకపోవచ్చు. ఐఐఎంల కోసం రాసే క్యాట్‌లో 45 శాతం సడలింపు ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకే ఉంది. ఓబీసీలకు, ఈడబ్ల్యూఎస్ వారికి కూడా 50 శాతం ఉండాల్సిందే. ఐసెట్, క్యాట్ రెండూ రాసే బీసీ-ఇ విద్యార్థి రెండు లెక్కలు వేసుకోవాలి. ఐసెట్‌కు 49.75, క్యాట్‌కు 68.5. లెక్క పద్ధతి ఒకటే, కటాఫ్ అంకె మాత్రమే మారుతుంది.

ఐదో సెమిస్టర్ ఫలితాలు వచ్చాక మళ్లీ వేయాలి

ఒకసారి వేసి వదిలేసే లెక్క కాదిది. ఫైనలియర్‌లో రెండు సెమిస్టర్లుంటాయి. ఈ విద్యార్థినికి ఐదో సెమిస్టర్ 400 మార్కులకు, ఆరోది 400కు అనుకుందాం. ఐదో సెమిస్టర్‌లో 222 మార్కులు వచ్చాయి. అంటే 55.5 శాతం. ముందు రెండేళ్లతో పోలిస్తే బాగానే మెరుగుపడింది.

ఇప్పుడు 45 శాతం కోసం కావాల్సిన 398లోంచి 222 తీసేస్తే 176 మిగిలింది. 400కు 176 అంటే 44 శాతం. 50 శాతం కోసమైతే 548లోంచి 222 పోతే 326. 400కు 326 అంటే 81.5 శాతం. ఐదో సెమిస్టర్‌లో 55 శాతం వచ్చినా కూడా 50 కటాఫ్ ఇంకా దూరం జరిగింది. అప్పుడు కావాల్సింది 68.5 కాగా వచ్చింది 55.5 కదా. తక్కువపడిన ఆ 13 శాతం భారం మొత్తం చివరి సెమిస్టర్ మీదే పడింది. అందుకే 68.5 కాస్తా 81.5 అయింది.

ఇంటర్నల్ మార్కులు కాలేజీలో తెలిసిపోతే లెక్కను ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఆరో సెమిస్టర్‌లో 100 మార్కుల పేపర్లు నాలుగు, ఒక్కో దానిలో 20 ఇంటర్నల్, 80 రాత పరీక్ష అనుకుందాం. నాలుగు పేపర్ల ఇంటర్నల్స్ కలిపి 80కి 62 వచ్చాయి. 45 శాతం కోసం ఇంకా కావాల్సింది 176లోంచి 62 పోగా 114. రాత పరీక్షలు మొత్తం 320 మార్కులకు. అంటే 35.6 శాతం చాలు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. రాత పరీక్షలో పాస్ మార్కు 40 శాతం అయితే పేపర్‌కు 32, నాలుగింటికి కలిపి 128 ఎలాగూ రావాలి. సగటు లెక్క చెప్పిన 114 కంటే ఇది ఎక్కువ. అంటే ఈ విద్యార్థినికి ఇక కటాఫ్ సమస్య కాదు, ఒక్క పేపర్ కూడా తప్పకుండా ఉండటమే అసలు సమస్య. నాలుగూ సరిగ్గా పాస్ మార్కులతో గట్టెక్కినా 952, 222, 62, 128 కలిపి 1364 అవుతాయి. 3000కు అది 45.47 శాతం. మూడు పేపర్లలో 70 తెచ్చుకుని నాలుగోది పోతే మాత్రం సగటు ఎంతున్నా డిగ్రీయే పూర్తి కాదు, సీటు ఊసే ఉండదు. కాబట్టి ఈ దశలో బాగా వచ్చే సబ్జెక్టుకు ఇంకా సమయం పెట్టడం కంటే బలహీనంగా ఉన్న పేపర్‌కు పెట్టడమే తెలివైన పని.

బ్యాక్‌లాగ్ ఉంటే లెక్క ఇలా మారుతుంది

బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఫెయిలైన పేపర్ మార్కులను కూడా వచ్చిన మార్కుల్లో కలిపేసి, తర్వాత పాసైనప్పుడు వచ్చే మార్కులను మళ్లీ కలపడం. అలా చేస్తే ఒకే పేపర్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఫైనలియర్ మొదట్లోకే వెళ్లి చూద్దాం. సెకండియర్‌లో వచ్చిన 460లో ఒక పేపర్‌లో 100కి 24 వచ్చి ఫెయిలైనది కూడా ఉందనుకుందాం. అప్పుడు ఆ 24ను వచ్చిన మార్కుల్లోంచి తీసేయాలి, ఆ పేపర్ 100 మార్కులను ఇంకా రాయాల్సిన వైపు కలపాలి. వచ్చినవి 952 కాదు, 928. రాయాల్సినవి 800 కాదు, 900. 45 శాతం కోసం 1350లోంచి 928 పోతే 422. 900కు 422 అంటే 46.9 శాతం. ముందు 49.75 ఉన్నది ఇప్పుడు 46.9కి తగ్గింది. బ్యాక్‌లాగ్ ఉండటం వల్ల కలిసొచ్చిందని కాదు. ఆ పేపర్ మళ్లీ రాసి ఎక్కువ మార్కులు తెచ్చుకునే అవకాశం మిగిలే ఉందని మాత్రమే.

పాసైన పేపర్‌ను మార్కుల కోసం మళ్లీ రాసే ఇంప్రూవ్‌మెంట్ అవకాశం యూనివర్సిటీ ఇస్తే అప్పుడూ ఇదే పద్ధతి. పాతవి తీసేసి, ఆ పేపర్‌ను రాయాల్సిన వైపు పెట్టాలి. ఆ సౌకర్యం ఉందో లేదో, ఏ సెమిస్టర్ దాకా ఉందో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అడిగి తెలుసుకోవాలి.

మెమోలో సీజీపీఏ ఉంటే

ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ పద్ధతిలో మార్కుల బదులు గ్రేడ్ పాయింట్లుంటాయి. ఇక్కడ గరిష్ఠ మార్కుల స్థానంలో క్రెడిట్లు వస్తాయి. లెక్క అదే. కానీ ముందు తేల్చుకోవాల్సింది, ఆ కటాఫ్ శాతం ఎంత సీజీపీఏకు సమానమవుతుందన్నది.

ఈ మార్పిడి అన్ని యూనివర్సిటీల్లో ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల సీజీపీఏను 10తో గుణిస్తారు. అప్పుడు 50 శాతం అంటే 5.0. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణిస్తారు. అప్పుడు 50 శాతం అంటే 5.5. క్యాట్‌లోనైతే యూనివర్సిటీకి సొంత ఫార్ములా ఉంటే దాన్నే వాడాలి. లేకపోతే వచ్చిన సీజీపీఏను గరిష్ఠ సీజీపీఏతో భాగించి 100తో గుణించాలి.

ఒక విద్యార్థికి నాలుగు సెమిస్టర్లు, 80 క్రెడిట్లు పూర్తయ్యేసరికి సీజీపీఏ 5.1 ఉందనుకుందాం. ఇంకా 40 క్రెడిట్లున్నాయి. 80ని 5.1తో గుణిస్తే 408 పాయింట్లు వచ్చినట్టు. 5.0 కావాలంటే మొత్తం 120 క్రెడిట్లకు 600 పాయింట్లు, అంటే ఇంకా 192. దాన్ని 40తో భాగిస్తే 4.8. 5.5 కావాలంటే 660 పాయింట్లు, ఇంకా 252. 40తో భాగిస్తే 6.3. ఒకే మెమోకు, ఒకే 50 శాతం కటాఫ్‌కు, మార్పిడి ఫార్ములాను బట్టి 4.8 కావాలా, 6.3 కావాలా అన్నది మారిపోయింది. అందుకే మెమో వెనక వైపు ముద్రించిన ఫార్ములా చూడకుండా ఈ లెక్క మొదలుపెట్టకూడదు.

గ్రేడ్ పాయింట్లలో 6.3 అనే గ్రేడ్ ఉండదు. యూజీసీ పట్టికలో బి గ్రేడ్‌కు 6, బి ప్లస్‌కు 7. మిగిలిన 40 క్రెడిట్లు ఐదు క్రెడిట్ల పేపర్లు ఎనిమిది అయితే, 252ని 5తో భాగిస్తే 50.4. అంటే ఎనిమిది పేపర్లలో కలిపి కనీసం 51 పాయింట్లు. మూడు పేపర్లలో బి ప్లస్, ఐదింట్లో బి వస్తే 21, 30 కలిపి సరిగ్గా 51 అవుతాయి. 6.3 అనుకునే బదులు 'మూడు బి ప్లస్, మిగతావి బి' అనుకుంటే ఏం చేయాలో స్పష్టంగా కనిపిస్తుంది.

చివరగా చూసుకోవాల్సినవి

కటాఫ్ అన్ని పేపర్ల మొత్తం మీదా, కేవలం సబ్జెక్టు పేపర్ల మీదా అన్నది నోటిఫికేషన్‌లో చదవాలి. ఉస్మానియా పాత మెమోల్లో లాంగ్వేజీలు పార్ట్-1, గ్రూపు సబ్జెక్టులు పార్ట్-2 అని విడివిడిగా ఉండేవి. నోటిఫికేషన్ సబ్జెక్టు మార్కులే అడిగితే లాంగ్వేజీల మార్కులను వచ్చిన వైపు నుంచీ, గరిష్ఠ మొత్తం నుంచీ తీసేసి లెక్క మళ్లీ వేయాలి. ఒక వైపే తీసేస్తే లెక్క తప్పుతుంది.

దశాంశాల మీద ఆశ పెట్టుకోవద్దు. 3000కు 1349 అంటే 44.97 శాతం. దాన్ని 45గా గుండు చేస్తారని అనుకుని ధైర్యంగా ఉండటం మంచిది కాదు. కావాల్సిన మార్కులు ఎప్పుడూ పై అంకెకే రాసుకోవాలి. దాని మీద పది, పదిహేను మార్కులు అదనంగా లక్ష్యం పెట్టుకుంటే ఒక పేపర్ అటూ ఇటూ అయినా గండం ఉండదు.

లెక్కలో జవాబు 80 పైనే వచ్చి, ఇప్పటిదాకా ఏ సెమిస్టర్‌లోనూ 60 దాటనివాళ్లు ఆ కటాఫ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, తక్కువ శాతం అడిగే ఇంకో కోర్సుకు కూడా ఫీజు కట్టి దరఖాస్తు చేసి ఉంచుకోవాలి. ఆ నిర్ణయం ఐదో సెమిస్టర్ ఫలితాల రోజే తీసుకోవచ్చు. వెరిఫికేషన్ కౌంటర్ దగ్గర తెలిసేసరికి ఆ దరఖాస్తుల గడువులన్నీ అయిపోయి ఉంటాయి.